ప్రమోషన్ మెయిల్ రాయాలి, ఎన్నిసార్లు రాసినా సర్క్యులర్‌లాగే వస్తోంది

జడ్చర్ల_ల్యాబ్
ఫార్మా ప్లాంట్‌లో క్యూసీ ల్యాబ్ చూస్తాను. నా కింద పనిచేసే ఒకావిడకు సీనియర్ ఎగ్జిక్యూటివ్ నుంచి అసిస్టెంట్ మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చింది. పేరు ఇక్కడ వద్దు, ఎం. గారు అనుకోండి. ఆ విషయం ప్లాంట్ మొత్తానికి మెయిల్ పెట్టమని సైట్ హెడ్ నాకే చెప్పారు. క్యూసీ వాళ్లే కాదు, క్యూఏ, ప్రొడక్షన్, వేర్‌హౌస్, ఇంజినీరింగ్ అందరికీ వెళ్తుంది. మెయిల్ ఇంగ్లీషులోనే పోతుంది. ఇక్కడ తెలుగులో పెడుతున్నాను:

"ఎం. గారు అసిస్టెంట్ మేనేజర్, క్వాలిటీ కంట్రోల్‌గా పదోన్నతి పొందారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆమె అంకితభావం, కష్టపడే తత్వం, టీమ్ స్ఫూర్తి అందరికీ ఆదర్శం. కొత్త బాధ్యతల్లో ఆమె మరిన్ని విజయాలు సాధించాలని కోరుకుంటున్నాం."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆమె ఎలాంటి మనిషో, ల్యాబ్‌కి ఏం చేసిందో ఇందులో లేదు. నిజంగా చాలా చేసింది. అది చదివేవాళ్లకు తెలియాలి. ఎలా రాయాలో చెప్పండి.

కాలమ్_కష్టాలు
పేరు, డిపార్ట్‌మెంట్ మార్చి మా ఈటీపీ ఇన్‌చార్జికి పెట్టినా ఒక్క అక్షరం కదలదు.

గుంటూరు_మిర్చి
అసలు ఇంక్రిమెంట్ ఎంత ఇచ్చారు? అసిస్టెంట్ మేనేజర్ అంటే మా దగ్గర పేరు మారుతుందంతే. నాకు మూడేళ్లుగా అదే మాట చెప్తున్నారు. ప్రమోషన్ ఎలా అడగాలో కూడా ఎవరైనా చెప్తే బాగుండు.

కాలమ్_కష్టాలు
అన్నా, ఆయన ప్రమోషన్ అడగట్లేదు. వేరే వాళ్లకొచ్చిన దాన్ని నలుగురికీ ఎలా చెప్పాలని అడుగుతున్నాడు. నీది వేరే పోస్ట్ పెట్టు, మేం కూడా వస్తాం.

పాత_క్యూసీ
క్యూసీ హెడ్‌గా రిటైరయ్యాను. ఇలాంటి మెయిళ్లు చాలా రాశాను, చాలా చదివాను. మీ డ్రాఫ్ట్‌లో మాటలకేం, బాగానే ఉన్నాయి. లేనిది పని. అంకితభావం అన్నారు. ఆ మాట రాయాలని మీకు ఎందుకనిపించింది? ఏ రోజు, ఎక్కడ, ఏం చూసి? దానికి జవాబు దొరికితే అదే రాయండి, అంకితభావం అన్న మాట తీసేయండి. చదివేవాడే ఆ మాట అనుకుంటాడు.

ఇంకో సంగతి. మీరు ఆమె పైన కూర్చుని చూస్తారు కాబట్టి మీకు కనిపించేవి రిపోర్టులు, ఆడిట్లు. ఆమె పనిలో సగం మీకు కనపడదు. నైట్ షిఫ్ట్ అనలిస్టుని అడగండి, వేర్‌హౌస్‌లో ఒకరిని అడగండి, ప్రొడక్షన్‌లో ఒకరిని అడగండి. "ఎం. గారు మంచివారేనా?" అని అడిగితే "చాలా మంచివారు సార్" అంటారు, మీకు ఒరిగేదేమీ ఉండదు. "ఆమె నెల రోజులు సెలవు పెడితే నీకు ఎక్కడ ఇబ్బంది?" అని అడగండి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది.

హెచ్‌ఆర్_అక్క
పాత_క్యూసీ గారు, మీ మాట కాదనను. కానీ నా అనుభవంలో ప్రమోషన్ మెయిల్ నాలుగు లైన్లు దాటితే గొడవే. ఒకరికి పది లైన్లు రాసి, తర్వాతి నెల ఇంకొకరికి మూడు రాస్తే ఆ రెండోవాళ్లు లైన్లు లెక్కపెడతారు. అందుకే మేం టెంప్లేట్ వాడతాం. పేరు, పాత హోదా, కొత్త హోదా, ఏ తేదీ నుంచి, ఎవరికి రిపోర్ట్ చేస్తారు. అందరికీ ఒకటే.

జడ్చర్ల_ల్యాబ్ గారూ, ముందు ఇది చూసుకోండి: ఆమె చేతికి లెటర్ వచ్చిందా? హెచ్‌ఆర్ సిస్టంలో హోదా మారిందా? ఇవి రెండూ కాకుండా మెయిల్ వెళ్లకూడదు. మేనేజర్ మెయిల్ పెట్టేశాక లెటర్ పై ఆఫీసులో ఆగిపోయిన కేసు నేను చూశాను. ఆ మనిషి కొన్ని వారాలు అందరి దగ్గరా కంగ్రాట్స్ తీసుకుంటూ, చేతిలో కాగితం లేకుండా తిరిగాడు.

పాత_క్యూసీ
లెటర్ విషయంలో అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. టెంప్లేట్ విషయంలో ఒప్పుకోను. హోదా, తేదీ, రిపోర్టింగ్ ఎలాగూ ఉండాలి, అవి రెండు లైన్లు. అవే ఉంటే అది ఆఫీస్ ఆర్డర్. లైన్లు లెక్కపెడతారన్న భయం ఉంటే అందరికీ ఒకే పొడవు పెట్టుకోండి, లోపలి విషయం మాత్రం ఎవరిది వాళ్లది.

బ్యాంకు_బాబాయ్
మా ప్రభుత్వ బ్యాంకులో అసలు మెయిలే లేదు. ప్రమోషన్ రిజల్ట్ అంటే పీడీఎఫ్‌లో పేర్ల జాబితా. సర్క్యులర్ బ్రాంచికి చేరేలోపే వాట్సాప్‌లో తిరుగుతుంది. నాకు స్కేల్ టూ వచ్చినప్పుడు నా పేరు నాకంటే ముందు మా బావమరిది చూశాడు.

ఆ రోజు మా బ్రాంచి మేనేజర్ ఒక పని చేశారు. కౌంటర్లు తెరవకముందు అందరినీ నిలబెట్టి, "పెన్షన్ల రోజు ముసలివాళ్లు లైన్లో నిలబడకుండా కుర్చీలేసి టోకెన్లు ఇచ్చే పద్ధతి మన బ్రాంచిలో పెట్టింది ఈయనే" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. ఆ సర్క్యులర్ నెంబర్ నాకు గుర్తులేదు గానీ ఈ మాట గుర్తుంది. అప్పటిదాకా ఆ పని ఎవరూ గమనించలేదనే అనుకున్నాను.

నైట్‌షిఫ్ట్_నాని
బాబాయ్ 👏 ఇలా చెప్పేవాళ్లు ఉంటే నైట్ షిఫ్ట్ కూడా హాయిగా చేస్తాం.

జడ్చర్ల_ల్యాబ్
లెటర్ శుక్రవారం ఇస్తున్నారు. మెయిల్ సోమవారం. పాత_క్యూసీ గారు చెప్పినట్టే ఇవాళ ముగ్గుర్ని అడిగాను. మూడు సంగతులు తెలిశాయి.

మొదటిది స్టెబిలిటీ, అంటే మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూసే పరీక్షలు. లాంగ్ టర్మ్ శాంపిళ్లు మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పద్దెనిమిది, ఇరవైనాలుగు నెలలకు తీయాలి కదా. ఒకే నెలలో చాలా బ్యాచ్‌లు ఛార్జ్ చేస్తే, అంటే ఈ పరీక్షకు పెడితే, వాటి పుల్స్, అంటే తీయాల్సిన శాంపిళ్లు, అన్నీ ఎప్పుడూ ఒకేసారి మీద పడతాయి. ఆమె వచ్చే నెల పుల్స్ ముందే ఒక ఎక్సెల్ షీట్‌లో వేసి, ఏ రోజు ఏ కాలమ్ కావాలో, ఏ స్టాండర్డ్ కావాలో షిఫ్ట్ ఇన్‌చార్జిలకు ఇచ్చేది. మా దగ్గర పుల్ తేదీ దాటిపోయిందన్న మాట ఈ మధ్య వినలేదు. ఇది నాకు ముందే తెలుసు.

రెండోది నైట్ షిఫ్ట్ కుర్రాడు చెప్పాడు. ఒక రాత్రి, టెస్టుకి ముందు సిస్టం సరిగా ఉందో లేదో చూసే సిస్టం సూటబిలిటీ రాక, పీక్ రిటెన్షన్ టైమ్ జరిగిపోతుంటే కంగారుపడి ఆమెకు ఫోన్ చేశాడట. ఆమె అరవలేదు. "బఫర్ పీహెచ్ ఎప్పుడు చూశావు, ఎసిటోనైట్రైల్ కలపకముందా, కలిపాకా?" అని ఒక్కటే అడిగిందట. కలిపాక చూశాడు, తప్పు అక్కడే. బఫర్, ఎసిటోనైట్రైల్ కలిసిన ఆ మొబైల్ ఫేజ్‌ని మళ్లీ చేసుకున్నాడు. మర్నాటి నుంచి కొత్తగా చేరిన ప్రతి ట్రైనీతో మొబైల్ ఫేజ్ దగ్గరుండి చేయిస్తోందట.

మూడోది వేర్‌హౌస్‌లో. రోజూ పొద్దున ఆమె ఫోన్ చేసి "ఇవాళ ప్రొడక్షన్‌కి ఏ రా మెటీరియల్ ముందు కావాలి?" అని అడిగి, ఆ వరసలో శాంప్లింగ్ ప్లాన్ చేస్తుందట. అంతకు ముందు వీళ్లు రోజంతా ల్యాబ్‌కి ఫోన్లు చేసేవాళ్లు. ఈ ఫోన్ సంగతి నాకు అసలు తెలియదు.

ఈ మూడూ పెట్టేయనా?

కాలమ్_కష్టాలు
పీహెచ్ కథ పెట్టు బ్రో. చదువుతుంటే నాకే ఆవిడ ల్యాబ్‌లో చేరాలనిపించింది.

క్యూఏ_కళ్లు
ఆగండి ఆగండి. క్యూఏలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, ఈ మూడింటిలో రెండు ఇలాగే పెడితే ఇబ్బంది.

ఎక్సెల్ షీట్. అది కంట్రోల్డ్ డాక్యుమెంటా, ఆమె సొంత షీటా? సొంతదైతే, దాన్ని పొగుడుతూ సైట్ మొత్తానికి మెయిల్ పెట్టడమంటే మన స్టెబిలిటీ షెడ్యూల్ అన్‌కంట్రోల్డ్ షీట్ మీద నడుస్తోందని మనమే రాసిచ్చినట్టు. రేపు ఆడిటర్ స్టెబిలిటీ ప్రోగ్రామ్ అడిగినప్పుడు ఎవరైనా ఆ షీట్ తీసి చూపిస్తే సమాధానం ఎవరు చెప్తారు?

నైట్ షిఫ్ట్ ఫోన్. సూటబిలిటీ ఫెయిలైనప్పుడు అది రికార్డులోకి వెళ్లాలి. మొబైల్ ఫేజ్ మళ్లీ చేసిన సంగతి, ఎందుకు చేశారో రాసి ఉండాలి. రాసి ఉంటే సంతోషం. మెయిల్‌లో మాత్రం "ఫోన్ చేస్తే సరిచేయించింది" అని ఉంటే, ఫోన్ మీద ల్యాబ్ నడుస్తోందని చదువుకుంటారు. పైగా ఆ కుర్రాడెవరో నైట్ రోస్టర్ చూసినవాళ్లకు తెలిసిపోతుంది. ఆవిడ ప్రమోషన్ రోజు వాడి పొరపాటు ప్లాంటంతా చదవాలా?

కాలమ్_కష్టాలు
క్యూఏ వాళ్లు పెళ్లి శుభలేఖకి కూడా వెర్షన్ నెంబర్ అడుగుతారు 😄

క్యూఏ_కళ్లు
అడుగుతాం. ముహూర్తం మారితే ఏ కార్డు చూసి వస్తావు మరి?

పాత_క్యూసీ
క్యూఏ_కళ్లు గారు చెప్పింది బాగా వినండి. ఇది మన రంగంలోనే ఉండే చిక్కు. మెచ్చుకోవడానికి రాసిన వాక్యం కూడా కాగితమే. అలాగని ఆ పని వదిలేయక్కర్లేదు, చెప్పే తీరు మార్చాలి. ఆమె గొప్పతనం షీట్‌లో లేదు, పుల్స్ మీద పడకముందే ఆలోచించడంలో ఉంది. అలాగే రెండోదాంట్లో ఫోన్ ముఖ్యం కాదు. మర్నాడు ఆమె శిక్షణ మార్చడం ముఖ్యం. ఆ భాగం ఉంచండి, రాత్రి జరిగింది తీసేయండి. అప్పుడు కుర్రాడూ బయటపడడు.

జడ్చర్ల_ల్యాబ్
కనుక్కున్నాను. సూటబిలిటీ ఫెయిల్ అయింది, కారణంతో సహా ఆ రాత్రే రికార్డు చేశారు. ఎక్సెల్ షీట్‌ని తర్వాత క్యూఏ ద్వారా ఫార్మాట్‌గా ఇష్యూ చేయించింది కూడా ఆమేనట, ఇప్పుడు దానికి నెంబర్ ఉంది. ఆ ఫార్మాట్ మీద నేనే సంతకం పెట్టాను గానీ మొదలుపెట్టింది ఎవరో అప్పుడు అడగలేదు.

క్యూఏ_కళ్లు
అయితే ఇదే అసలు వార్త! సొంతానికి షీట్ వేసుకునేవాళ్లు ప్రతి ల్యాబ్‌లో ఉంటారు. దాన్ని అందరికీ పనికొచ్చే పద్ధతిగా మార్చి, నెంబర్ తెప్పించి, తను లేకపోయినా నడిచేలా చేసినవాళ్లు తక్కువ. అసిస్టెంట్ మేనేజర్ అవడానికి అదే కారణమని రాయండి. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా.

గోదారి_గట్టు
ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ ఇదంతా చేసిందని కూడా రాయండి, ఆవిడకు పిల్లలుంటే. చదివేవాళ్లకు మనసుకు హత్తుకుంటుంది.

మాదాపూర్_మాధ్వి
దయచేసి వద్దు. నా ప్రమోషన్ మెయిల్‌లో సరిగ్గా ఈ వాక్యమే పెట్టారు. "ఇంటి బాధ్యతలు చూసుకుంటూనే" అని. అదే రోజు ప్రమోషన్ వచ్చిన మా మగ కొలీగ్‌కి కూడా ఇద్దరు పిల్లలే. అతని గురించి "క్లిష్టమైన మైగ్రేషన్ పూర్తి చేశారు" అని రాశారు. ఆ మైగ్రేషన్‌లో సగం నేను చేశాను. ఆ మెయిల్ చదివినవాళ్లు నన్ను పిల్లల చదువుల గురించి అడిగారు, అతన్ని మైగ్రేషన్ గురించి అడిగారు. ఆత్మీయంగా ఉండాలని రాసి ఉంటారు, తెలుసు. కానీ నా పనికి దక్కాల్సిన చోటుని ఆ వాక్యం తినేసింది.

గోదారి_గట్టు
సరేనమ్మా, ఆ కోణంలో చూడలేదు. మంచిగా ఉంటుందనే అన్నాను. మరి ఆప్యాయత ఎక్కడి నుంచి వస్తుంది? పనులన్నీ వరసగా రాస్తే అప్రైజల్ ఫారంలాగా ఉండదా?

మాదాపూర్_మాధ్వి
ఆ వేర్‌హౌస్ ఫోన్ సంగతి మళ్లీ చదవండి గోదారి_గట్టు గారూ. ఎదుటివాళ్ల పని ఎక్కడ ఆగిపోతుందో పొద్దున్నే ఫోన్ చేసి అడిగే మనిషి. అంతకంటే ఆప్యాయత ఏం కావాలి?

డల్లాస్_తెలుగు
మా అమెరికా ఆఫీసులో ఇలాంటి మెయిల్‌లో చివర హాబీలు పెడతారు. వీకెండ్ ట్రెక్కింగ్ చేస్తారు, కుక్కపిల్ల ఉంది, ఇలా. అది బాగుంటుంది కదా.

హెచ్‌ఆర్_అక్క
కొత్తగా చేరినవాళ్లను పరిచయం చేసేటప్పుడు బాగుంటుంది. ఏళ్లుగా అదే క్యాంటీన్‌లో కూర్చుని తింటున్న మనిషి గురించి ప్లాంట్‌లో ఎవరికీ హాబీలు పరిచయం చేయక్కర్లేదు. పెట్టాలనుకుంటే ఆమెను అడిగి పెట్టండి.

జడ్చర్ల_ల్యాబ్ గారూ, ఒక ప్రశ్న. ఈ పోస్టుకి ఆమెతో పాటు ఇంకెవరైనా పోటీలో ఉన్నారా?

జడ్చర్ల_ల్యాబ్
ఉన్నారు. అదే గ్రేడ్, దాదాపు అదే సీనియారిటీ. మంచి అనలిస్ట్, మెథడ్ ట్రాన్స్‌ఫర్‌లు, అంటే ఒక ల్యాబ్ టెస్టింగ్ పద్ధతిని ఇంకో ల్యాబ్‌కి అప్పగించే పని, అతనే చూస్తాడు. ఈసారి ఒక్కటే పోస్టు వచ్చింది. అతనికి ఇంకా చెప్పలేదు.

హెచ్‌ఆర్_అక్క
మెయిల్ గురించి ఇంత ఆలోచిస్తున్నారు, ముందు ఆ మాట ఆలోచించండి. సోమవారం మెయిల్ చూసి తెలుసుకోకూడదు అతను. లెటర్ ఇచ్చిన శుక్రవారమే, ఆమెకు ఇచ్చిన వెంటనే, విడిగా కూర్చోబెట్టి చెప్పండి. "నీకూ వస్తుందిలే" లాంటి మాట మాత్రం ఇవ్వొద్దు, అది మీ చేతిలో లేదు. ఏం చూసి ఆమెను తీసుకున్నారో, అతనికి ఏది తక్కువైందో సూటిగా చెప్పండి.

పాత_క్యూసీ
అవును. మెయిల్‌లో కూడా పోలిక వాసన రాకూడదు. "అందరికంటే", "ఒంటిచేత్తో", "ఆమె లేకపోతే ల్యాబ్ నడవదు" ఇలాంటివి అతనొక్కడినే కాదు, మొత్తం ల్యాబ్‌ని కిందకి నెడతాయి. ఆమె చేసింది చెప్పండి, మిగతావాళ్లు చేయనిది చెప్పొద్దు.

గుంటూరు_మిర్చి
నేను ఆ రెండో మనిషి స్థానంలో ఉన్నవాణ్ణే. నా మాట కూడా వినండి. మావాళ్లు నన్ను ఊరడించడానికి ఆ మెయిల్‌లోనే చివర "ఫలానా వారి సహకారం మరువలేనిది" అని నా పేరు పెట్టారు. అందరికీ అర్థమైపోయింది, ఎవరికి రాలేదో. అంతకంటే పెట్టకపోతేనే నయం.

బ్యాంకు_బాబాయ్
పెట్టకపోతే కూడా బాధే నాన్నా. మెథడ్ ట్రాన్స్‌ఫర్‌లు అతను చేస్తున్నాడన్న మాట ఎక్కడో ఒక చోట రావాలి. ఈ మెయిల్‌లో కాకపోతే ఇంకో మెయిల్‌లో.

గుంటూరు_మిర్చి
ఇంకో మెయిల్ అయితే ఓకే. ఈ మెయిల్‌లో వద్దు.

హెచ్‌ఆర్_అక్క
నేనైతే ల్యాబ్ మొత్తానికి ఒక వాక్యం ఉండాలంటాను, పేర్లు లేకుండా.

పాత_క్యూసీ
నేనైతే అదీ వద్దంటాను. పేర్లు లేని థాంక్స్ ఎవరికీ తగలదు. ఈ విషయంలో మనిద్దరి మాటా కలవదు అక్కా, ఆయన్నే తేల్చుకోనివ్వండి.

జడ్చర్ల_ల్యాబ్
ఇవాళ కూర్చుని మళ్లీ రాశాను:

"ఎం. గారు 1వ తేదీ నుంచి అసిస్టెంట్ మేనేజర్, క్వాలిటీ కంట్రోల్‌గా బాధ్యతలు తీసుకుంటున్నారు. నాకే రిపోర్ట్ చేస్తారు.

స్టెబిలిటీ శాంపిళ్లు ఒకేసారి మీదపడే సమస్య ల్యాబ్‌లో చాలాకాలంగా ఉండేది. లాంగ్ టర్మ్, యాక్సిలరేటెడ్ పుల్స్ అన్నీ ముందుగా ఒకచోట చూసుకునే పద్ధతిని ఎం. గారు తయారుచేసి, క్యూఏతో కలిసి దాన్ని ఫార్మాట్‌గా తెచ్చారు. కాలమ్‌లు, స్టాండర్డ్‌లు ఇప్పుడు ముందే సిద్ధంగా ఉంటున్నాయి. ఆదివారాలు కూడా వచ్చి ఆమె ఈ పని పూర్తిచేశారు. కొత్తగా చేరిన ట్రైనీలతో మొబైల్ ఫేజ్ తయారీని దగ్గరుండి చేయిస్తారు. ప్రతి ఉదయం వేర్‌హౌస్‌కి ఫోన్ చేసి ప్రొడక్షన్‌కి ఏ మెటీరియల్ ముందు కావాలో అడుగుతారు, అందువల్ల మెటీరియల్ రిలీజ్ త్వరగా అవుతోంది.

ఎం. గారికి హృదయపూర్వక అభినందనలు."

నైట్‌షిఫ్ట్_నాని
ఆదివారాల లైన్ తీసేయండి సార్. దాన్ని మా ఇన్‌చార్జి చూస్తే రేపట్నుంచి మా ఆదివారాలు కూడా పోతాయి.

క్యూఏ_కళ్లు
నాని చెప్పింది నిజం. ప్రమోషన్ రావాలంటే ఆదివారం రావాలని చదువుకుంటారు. ఇంకోటి, "రిలీజ్ త్వరగా అవుతోంది" వద్దు. ల్యాబ్ మీద ప్రొడక్షన్ ఒత్తిడి ఉందన్న అర్థం వస్తుంది. టెస్టింగ్‌కి పట్టే టైమ్ ఎంతో అంతే, ఆమె మార్చింది వరసని. ఆ వరస గురించే చెప్పండి.

పాత_క్యూసీ
మొదటి డ్రాఫ్ట్‌కీ దీనికీ పోలికే లేదు. కానీ వరస తిరగేయండి. ఈ మెయిల్ చదివేవాళ్లలో ఎక్కువమంది ల్యాబ్ బయటివాళ్లు. ఇంజినీరింగ్ వాళ్లకు లాంగ్ టర్మ్, యాక్సిలరేటెడ్ ఎందుకు? అక్కడే చదవడం ఆపేస్తారు. వేర్‌హౌస్ ఫోన్‌తో మొదలుపెట్టండి. అది ప్లాంట్‌లో అందరికీ అర్థమవుతుంది, సగం మందికి అనుభవం కూడా. స్టెబిలిటీ తర్వాత, రెండు వాక్యాల్లో. ట్రైనీలది చివర.

మరొకటి. ఇక మీదట ఏ విషయానికి ఆమె దగ్గరికి వెళ్లాలో రాయలేదు. మెయిల్ మూసేశాక మనిషికి పనికొచ్చేది అదే. నిన్నటిదాకా మీకు వచ్చిన ఫోన్లలో ఏవి ఆమెకు వెళ్లాలి?

జడ్చర్ల_ల్యాబ్
రా మెటీరియల్ శాంప్లింగ్, స్టెబిలిటీ షెడ్యూల్, షిఫ్ట్ రోస్టర్. ఈ మూడూ ఇక ఆమెవే. కొత్త ఇన్‌స్ట్రుమెంట్లు, బడ్జెట్ నా దగ్గరే.

పాత_క్యూసీ
రాసేయండి ఇలాగే. "రోస్టర్ ఇక ఆమెదే" అని మీరు రాతపూర్వకంగా ఇస్తే, రేపు ఎవరైనా మీ దగ్గరికి నేరుగా వచ్చి షిఫ్ట్ మార్చమంటే ఆమె దగ్గరికి పంపించొచ్చు. హోదా ఇచ్చి అధికారం చెప్పకపోతే ఆమె నెలల తరబడి "సార్‌ని అడిగి చెప్తాను" అనాల్సి వస్తుంది.

మాదాపూర్_మాధ్వి
పంపేముందు ఆమెకు చూపిస్తున్నారా?

కాలమ్_కష్టాలు
చూపిస్తే సర్‌ప్రైజ్ పోతుంది కదా!

మాదాపూర్_మాధ్వి
లెటర్ శుక్రవారమే ఇస్తున్నారు, ఇంకా సర్‌ప్రైజ్ ఏముంది? తన గురించి ప్లాంటంతా చదివేది తను ముందు చూసుకోవాలి. నాకు చూపించి ఉంటే ఆ ఒక్క వాక్యం తీసేయమనేదాన్ని.

కొత్త_ట్రైనీ
ఇన్ని రోజులుగా చదువుతున్నా, ఒక సందేహం. మా ల్యాబ్‌లో గ్లాస్‌వేర్ కడిగే అక్కలకు, ప్యాకింగ్‌లో వాళ్లకు మెయిల్ ఐడీలే లేవు. వాళ్లకెలా తెలుస్తుంది? మా మేడమ్‌కి ప్రమోషన్ వచ్చిన సంగతి గ్లాస్‌వేర్ అక్కకి వారం తర్వాత నేను చెప్తే తెలిసింది. "నాకెవరూ చెప్పలేదే" అని చాలా బాధపడింది. రోజూ మేడమ్‌కి ఫ్లాస్కులు ఆరబెట్టి అందించేది ఆమే.

పాత_క్యూసీ
శభాష్. ఇంతమందిమి ఇన్ని చెప్పాం, ఈ సంగతి మాకు తట్టలేదు.

జడ్చర్ల_ల్యాబ్ గారూ, సోమవారం మధ్యాహ్నం రెండింటికి ఏ షిఫ్ట్ దిగి, బీ షిఫ్ట్ ఎక్కేటప్పుడు ల్యాబ్ బయట అందరినీ కలపండి. రెండు షిఫ్టులూ దొరుకుతాయి. రాత్రి పదింటికి సీ షిఫ్ట్ వాళ్లకు మీరుండలేకపోతే షిఫ్ట్ ఇన్‌చార్జి చేత చెప్పించండి. తెలుగులో చెప్పండి, రెండు నిమిషాలు చాలు. ముందు మాట, ఆ తర్వాత మెయిల్. నోటీస్ బోర్డు మీద కూడా తెలుగులో ఒక కాగితం పెట్టించండి.

నైట్‌షిఫ్ట్_నాని
సీ షిఫ్ట్‌కి కూడా స్వీట్ మిగల్చమని చెప్పండి. ఎప్పుడూ ఖాళీ డబ్బానే వస్తుంది మాకు 😀

బ్యాంకు_బాబాయ్
నాని పాయింట్ నోట్ చేసుకోండి. ఇది కూడా ముఖ్యమే!

జడ్చర్ల_ల్యాబ్
శుక్రవారం లెటర్ ఇచ్చాం. ఆ తర్వాత అతన్ని పిలిచి మాట్లాడాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆమెకు రావడం సబబే సార్, కానీ ట్రాన్స్‌ఫర్‌ల సంగతి ఎవరికీ తెలియదు" అన్నాడు. ఈ నెలాఖరుకి ఒక ట్రాన్స్‌ఫర్ పూర్తవుతోంది. అప్పుడు దాని గురించి అతని పేరుతో సైట్‌కి విడిగా మెయిల్ పెడతాను. ఈ మెయిల్‌లో పేరు పెట్టలేదు.

ఆమెకు డ్రాఫ్ట్ చూపించాను. రెండు మార్పులు చెప్పింది. ఫార్మాట్ విషయంలో క్యూఏలో తనకు సాయం చేసినావిడ పేరు పెట్టమంది. ట్రైనీల గురించి "చేయిస్తారు" కాదు, "కలిసి చేస్తారు" అని రాయమంది. రేపు వెళ్లేది ఇది:

"వేర్‌హౌస్‌లో పొద్దున మోగే మొదటి ఫోన్ చాలావరకు ఎం. గారిది. ప్రొడక్షన్‌కి ఆ రోజు ఏ మెటీరియల్ ముందు కావాలో కనుక్కుని, ఆ వరసలో శాంప్లింగ్ ప్లాన్ చేస్తారు. రోజంతా అటూ ఇటూ తిరిగే ఫోన్లు అందువల్లే తగ్గాయి.

1వ తేదీ నుంచి ఎం. గారు అసిస్టెంట్ మేనేజర్, క్వాలిటీ కంట్రోల్‌గా నాతో పనిచేస్తారు.

ల్యాబ్‌లో స్టెబిలిటీ శాంపిళ్లు ఒకేసారి మీదపడకుండా ముందే చూసుకునే పద్ధతిని ఆమె మొదలుపెట్టారు. క్యూఏ నుంచి ఫలానా గారితో కలిసి దాన్ని అందరూ వాడే ఫార్మాట్‌గా తెచ్చారు. కొత్తగా చేరిన ప్రతి ట్రైనీ మొదటి మొబైల్ ఫేజ్‌ని ఆమెతో కలిసి చేస్తారు.

రా మెటీరియల్ శాంప్లింగ్, స్టెబిలిటీ షెడ్యూల్, క్యూసీ షిఫ్ట్ రోస్టర్ విషయాల్లో ఇక నిర్ణయం ఆమెదే. నేరుగా ఆమెతో మాట్లాడండి.

ఎం. గారూ, మీతో కలిసి పనిచేయడం నాకు సంతోషం. అభినందనలు."

క్యూఏ_కళ్లు
సంతకం పెట్టేస్తున్నా. పంపండి.

గోదారి_గట్టు
చదువుతుంటే ఆవిడ కళ్లముందు కనిపించింది. పిల్లల మాట లేకుండానే.

హెచ్‌ఆర్_అక్క
చాలా బాగుంది. పొడవు విషయంలో నా భయం మాత్రం అలాగే ఉంది. వచ్చే ప్రమోషన్‌కి కూడా ఇంతే ఓపిగ్గా ముగ్గుర్ని అడిగి రాస్తేనే ఇది న్యాయం. ఒక్కసారి రాసి ఆపేస్తే టెంప్లేటే నయమనిపిస్తుంది వాళ్లకి.

పాత_క్యూసీ
అది మాత్రం నిజం అక్కా. అయినా వాటికి కూడా ఈయనే అడుగుతాడనిపిస్తోంది నాకు.

గుంటూరు_మిర్చి
ఆ రెండో అతని మెయిల్ నెలాఖరుకి మర్చిపోవద్దు సార్. డ్రాఫ్ట్ ఇక్కడే పెట్టండి, నేను చదువుతాను.

జడ్చర్ల_ల్యాబ్
పెడతాను. రేపు రెండింటికి ల్యాబ్ బయట అందరికీ చెప్తున్నాను, గ్లాస్‌వేర్ సెక్షన్ వాళ్లని ముందు వరసలో నిలబెట్టమని సూపర్‌వైజర్‌కి చెప్పాను. సీ షిఫ్ట్ స్వీట్ డబ్బా నా క్యాబిన్‌లో విడిగా ఉంది నానీ, తాళం ఇన్‌చార్జికిచ్చాను.